పెళ్లి కార్డు మీద జంట బొమ్మ: కలిపి అతికించాలా, విడివిడిగా పెట్టాలా?

మా పిన్ని కూతురి పెళ్లి కార్డుకి రెండు ఫొటోలు చేతికొచ్చాయి. అమ్మాయిది పెరట్లో ఎండలో, పట్టుచీరతో తీసింది. అబ్బాయిది డాలస్ నుంచి, గదిలో ట్యూబ్‌లైటు కింద తీసింది. కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. అరటిబోదెలు, మామిడి తోరణాలు ఉన్న మండపం బొమ్మ మీద ఇద్దరినీ జంటగా నిలబెట్టమని డిజైనర్‌కి చెప్పాం.

వచ్చిన బొమ్మలో ఏదో తేడాగా అనిపించింది. ముక్కు నీడలు చూస్తే విషయం తెలిసింది. అమ్మాయికి వెలుగు ఒక వైపు నుంచి పడుతోంది, అబ్బాయికి రెండో వైపు నుంచి. డిజైనర్ అమ్మాయి ఫొటోని అద్దంలోలాగా తిప్పేశాడు. వెలుగైతే కలిసింది గానీ, ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదికి పోయింది. మాకెవరికీ కనిపించలేదు, పిన్ని ఒక్క చూపులో పట్టేసింది: "ఇదేంట్రా, పైట అటెందుకు వేసుకుంది?" తిప్పక తప్పకపోతే అబ్బాయి ఫొటోనే తిప్పాలి. పాపిడి మారినా కార్డు సైజులో ఎవరూ గమనించరు.

ఇద్దరినీ అతికించి చూపించాలంటే వెలుగొక్కటే కాదు, కెమెరా ఎత్తు కూడా కలవాలి. ఒకరిని కింద నుంచి, ఒకరిని పైనుంచి తీస్తే ఎంత సర్దినా ఒకచోట నిలబడినట్టు ఉండదు. పాదాల దాకా చూపిస్తే నేల మీద నీడ వేయాలి, అది బాగా కుదరడం కష్టం. నడుము దాకా ఉంచి, కింద బంతిపూల వరస వేస్తే ఆ తిప్పలు ఉండవు.

విడివిడిగా అంటే, అదే మండపం బొమ్మలో రెండు కోలగా ఉండే ఫ్రేములు, ఒక్కోదాంట్లో ఒక్కో ముఖం. పాతకాలపు పద్ధతే. ఫ్రేము గీత అడ్డం ఉంటే వెలుగు తేడాని కన్ను పట్టించుకోదు. నుదుటి నుంచి గడ్డం దాకా కొలత ఇద్దరికీ ఒకటే ఉంటే చాలు. మల్లెపూల జడ అంచు కత్తిరించే పనీ తప్పుతుంది. ఆ అంచు దగ్గరే తెల్లటి గీత మిగిలి బొమ్మ చవకగా కనిపిస్తుంది.

బొమ్మ గీయించడం మూడో దారి. బాగుంటుంది గానీ పోలిక రాకపోతే ముసలివాళ్లు "ఈ పిల్ల ఎవరు?" అంటారు.

నా మాట: అబ్బాయి మళ్లీ ఒక ఫొటో తీయించుకోగలిగితే అతికించడమే మేలు. అమ్మాయికి వెలుగు పడిన వైపే కిటికీ ఉండేలా నిలబడాలి, కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. సెల్ఫీ వద్దు, దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. ఫొటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి, లేదంటే నాణ్యత తగ్గిపోతుంది. అంత వీలు లేకపోతే ఫ్రేములే. మేం చివరికి ఫ్రేములే పెట్టించాం. ముందు ఒక కార్డు అసలు సైజులో ప్రింటు తీసి పిన్నికి చూపించాకే మిగతావి అచ్చుకిచ్చాం.