ఆరేళ్లలో నాలుగుసార్లు మార్చాను: కారు కేబిన్ ఫిల్టర్‌పై నా సమీక్ష

మా కారుకి ఆరేళ్లు నిండాయి. అందులో మొదటి రెండేళ్లు కేబిన్ ఫిల్టర్ అనేది ఒకటుందని కూడా నాకు తెలియదు. ఫిల్టర్ అంటే ఇంజిన్‌కి ఉండే ఎయిర్ ఫిల్టరే అనుకునేవాణ్ణి. అది ఇంజిన్ పీల్చే గాలిని వడకడుతుంది. ఇది మనం పీల్చే గాలిని వడకడుతుంది. ముందు అద్దం కింద ఉన్న జాలీ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. అది ఏసీ గాలి బయటికొచ్చే గడుల దాకా చేరేలోపు దుమ్మునీ, పుప్పొడినీ, ఆకు ముక్కల్నీ ఆపేది ఈ మడతల మడతల కాగితపు పలకే. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది.

నాకు ఇది పరిచయమైంది ఏసీ పుణ్యమా అని. 24,000 కిలోమీటర్ల దగ్గర బ్లోయర్ నాలుగో స్పీడులో పెట్టినా వెనక సీటు వాళ్లకి గాలి అందడం మానేసింది. హోరు మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే గ్యాస్ తగ్గిందన్నారు, నింపారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. అప్పుడు మా తమ్ముడు ఫోన్‌లో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "అన్నయ్యా, గాలి తక్కువగా వస్తోందా, లేక వచ్చే గాలి చల్లగా లేదా?"

ఈ ప్రశ్నలోనే అంతా ఉంది. గాలి ధారాళంగా వస్తూ చల్లదనం లేకపోతే గ్యాస్, కంప్రెసర్ వైపు చూడాలి. గడి దగ్గర చెయ్యి పెడితే చల్లగానే ఉంది, కానీ ఊపు లేదంటే ముందు అనుమానించాల్సింది ఫిల్టర్నే. నాది రెండో రకం. అనుమానం తీరాలంటే పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది: ఫిల్టర్ బయటికి తీసేసి ఒక్క నిమిషం బ్లోయర్ నడపండి. గాలి ఒక్కసారిగా పెరిగితే దోషి దొరికినట్టే. తీసినా తేడా లేకపోతే కొత్తది కొనకండి, జబ్బు వేరే చోట ఉంది. నేను తీసి చూస్తే ఆ పలక ముదురు బూడిద రంగులో ఉంది. మడతల మధ్య ఎండుటాకులు, పురుగు రెక్కలు, అడుగున చారెడు మట్టి.

మిగతా లక్షణాలు ఇంత సూటిగా చెప్పవు. వానలో అద్దం మీద ఆవిరి తొందరగా పోకపోవడం, ఏసీ వేయగానే మొదటి నిమిషం ముక్కవాసన రావడం నేనూ చూశాను. అయితే వాసనకి కారణం ఎప్పుడూ ఫిల్టరే కాదు. కొత్తది వేశాక కూడా వాసన వస్తుంటే లోపల చల్లబరిచే కాయిల్ మీద తడి నిలిచి బూజు పట్టి ఉండొచ్చు. దాన్ని విడిగా శుభ్రం చేయించాలి.

మార్చడం మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, ఇప్పుడు పదే. బండి ఆఫ్ చేసి, గ్లవ్ బాక్స్‌లో ఉన్నవన్నీ తీసేస్తాను. దాని పక్కన ఒక సన్నని తాడో, చిన్న ప్లాస్టిక్ పుల్లో ఉంటుంది, మూత నెమ్మదిగా దిగడానికి. ముందు దాన్ని కొక్కెం నుంచి పక్కకి జరిపి విప్పాలి. నేను మొదటిసారి నేరుగా లాగి ఆ కొక్కెం విరగ్గొట్టాను. అప్పట్నుంచి మా గ్లవ్ బాక్స్ తెరవగానే ధభీమని పడుతుంది! తర్వాత పెట్టె రెండు పక్కగోడల్నీ లోపలికి నొక్కితే అది పూర్తిగా కిందికి వాలుతుంది. కొన్ని కార్లలో ఒకట్రెండు స్క్రూలు కూడా ఉంటాయి. ఆ వెనకాల కనిపించే వైర్లని, ముఖ్యంగా పసుపు రంగు కనెక్టర్లని ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఇప్పుడు పొడవాటి, సన్నని మూత ఒకటి ఎదురుగా కనబడుతుంది. రెండు చివర్లా ఉన్న క్లిప్పుల్ని వేళ్లతో అదిమితే ఊడుతుంది. పాత ఫిల్టర్‌ని దులపకుండా, పళ్లెం పట్టుకున్నట్టు సమంగా లాగాలి. వంచితే పైనున్న చెత్త బ్లోయర్‌లో పడుతుంది. ఒకసారి నాకు ఎండుటాకు అలాగే పడి, బ్లోయర్ వేసినప్పుడల్లా టకటకమని మోగింది. మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఫిల్టర్ కూర్చునే అర ఖాళీగా ఉన్నప్పుడే వాక్యూమ్‌తోనో, తడి గుడ్డతోనో తుడిచెయ్యడం మంచిది.

కొత్తవాళ్లు తడబడేది బాణం గుర్తు దగ్గర. ఫిల్టర్ అంచు మీద "ఎయిర్ ఫ్లో" అని బాణం ఉంటే అది గాలి ప్రవహించే దిక్కు. "అప్" అని బాణం ఉంటే ఆ వైపు పైకి రావాలని మాత్రమే అర్థం. రెండూ ఒకటి కాదు. మా మూడో ఫిల్టర్‌ని సర్వీసులో వేసినవాళ్లు తిరగేసి పెట్టారు, అంచు కూడా మడిచి తోశారు. అది నాకు తెలిసింది ఏడాది తర్వాత తీసినప్పుడు. గాలి బాణం తోక వైపు నుంచి వస్తుంది కాబట్టి మురికి ఆ వైపే పట్టాలి, నాకు బాణం మొన వైపు పట్టింది. మడిచిన అంచు పక్కన అర గోడకి నల్లటి చార కూడా ఉంది, గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని దూరిన దారి అది. అందుకే పాతదాని బాణం చూసి గుడ్డిగా పెట్టకండి, పాతదాని మురికి ఏ వైపు ఉందో చూడండి. మురికి వైపు గాలి వచ్చే వైపు, అందులో పొరపాటుండదు.

ఇక రకాల మాట. మొదటి రెండూ మామూలు కాగితపువి. దుమ్ముకి అవి చాలు. నాలుగేళ్ల తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న నల్లటి రకానికి మారాను, రెండు వేశాను. లారీ వెనక ఆగినప్పుడు పొగవాసన తగ్గింది. కానీ ఏడెనిమిది నెలలకి ఆ తేడా పలచబడుతుంది, కార్బన్ వాసనల్ని పట్టుకునే శక్తి నిండిపోతుంది కదా. ఆ తర్వాత అది కాగితం ఫిల్టర్ చేసే పనే చేస్తుంది. మా అబ్బాయికి డీజిల్ వాసన పడదు కాబట్టి నాకు గిట్టుబాటే. దుమ్ము తప్ప ఇంకే ఇబ్బందీ లేనివాళ్లకి అక్కర్లేదనిపిస్తుంది.

ఒకసారి పిసినారితనంతో రెండోదాన్ని కడిగి ఆరబెట్టి మళ్లీ వేశాను. రెండు వారాలకే డ్యాష్‌బోర్డ్ మీద సన్నని దుమ్ము పొర కనబడింది. కడిగితే మడతలు మెత్తబడి పీచు దెబ్బతింటుంది, కడగొచ్చని కంపెనీ రాసిన రకాలకి తప్ప ఈ పని పనికిరాదు. దులిపితే పైపై ఆకులు పోతాయి, మడతల లోపల అతుక్కున్న సన్నని దుమ్ము పోదు.

గడువు కోసం మీ కారు మాన్యువల్ చూడండి. చాలావాటిలో ఏడాదో, 15,000 నుంచి 20,000 కిలోమీటర్లో ఉంటుంది. మట్టి రోడ్ల మీద తిరిగితే అంతకు ముందే నిండుతుంది. నేను ఫిల్టర్ పెట్టిన తేదీని దాని అంచు మీద మార్కర్‌తో రాస్తున్నాను. ఇప్పుడున్నదానికి తొమ్మిదో నెల, నిన్న తీసి చూశాను. బూడిద రంగుకి తిరిగింది కానీ బ్లోయర్ రెండో స్పీడులోనే వెనక సీటుకి గాలి అందుతోంది. ఇంకో రెండు నెలలు ఉంచుతాను.