టైటర్ టెస్టా, నేరుగా టీకానా: ఏది మేలు?

ఉద్యోగంలో చేరే ముందో, గర్భం ప్లాన్ చేసుకునే ముందో డాక్టర్ టైటర్ టెస్ట్, అంటే జబ్బును అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో ఎంత ఉన్నాయో చూసే రక్తపరీక్ష, రాయగానే చాలామంది నేరుగా ల్యాబ్‌కు వెళ్లి రక్తం ఇచ్చేస్తారు. నేనైతే ముందు పాత టీకా కార్డు వెతకమంటాను. తట్టు, రుబెల్లా విషయంలో టైటర్ కంటే కార్డు మాటకే విలువ ఎక్కువ. హెపటైటిస్ బి దగ్గరకొచ్చేసరికి, ముఖ్యంగా ఆసుపత్రి ఉద్యోగాలకు, కార్డు ఒక్కటే సరిపోదు.

ఒక నర్సు కొత్త ఉద్యోగంలో చేరబోతోంది, ఈ ఏడాదే పిల్లల్ని కనాలనీ అనుకుంటోంది అనుకుందాం. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు, హెపటైటిస్ బి మూడు డోసులు చిన్నప్పుడే పడ్డాయని కార్డులో తేదీలతో సహా ఉంది. రిపోర్టులో మాత్రం రుబెల్లా యాంటీబాడీ IgG పాజిటివ్, తట్టు IgG అటూ ఇటూ తేలనిది, హెపటైటిస్ బి యాంటీబాడీ Anti-HBs 4 mIU/mL అని వచ్చాయి. మూడింటిలో రెండు పోయాయని ఆమెకు టెన్షన్.

తట్టు సంగతి ముందు చూద్దాం. టీకాతో వచ్చే యాంటీబాడీలు జబ్బు చేసి వచ్చినవాటి కంటే తక్కువ మోతాదులో ఉంటాయి. ల్యాబుల్లో మామూలుగా వాడే కిట్లు ఆ తక్కువ మోతాదును ఒక్కోసారి పట్టుకోలేవు. అందుకే ఏడాది వయసు దాటాక, కనీసం 28 రోజుల తేడాతో రెండు డోసులు పడ్డట్టు రాతపూర్వక ఆధారం ఉంటే, తర్వాత టైటర్ నెగెటివ్ వచ్చినా రక్షణ ఉన్నట్టే లెక్క. ఈమెకు తట్టు కోసం మళ్లీ సూది అక్కర్లేదు. అసలు ఆ టెస్టే అక్కర్లేదు.

అదే కార్డు దొరక్కపోతే? గర్భం లేనంతవరకు టెస్ట్ కంటే నేరుగా ఎంఎంఆర్ వేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇప్పటికే రక్షణ ఉన్నవాళ్లకు ఇంకో డోసు పడినా నష్టమేమీ లేదు. టెస్ట్ చేయించుకుని, ఫలితం కోసం ఆగి, నెగెటివ్ వస్తే అప్పుడు టీకా వేయించుకోవడమంటే గర్భం ప్లాన్ చేసుకున్నవాళ్లకు రోజులు వృథా. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా కాబట్టి వేయించుకున్నాక కనీసం నాలుగు వారాలు గర్భం రాకుండా చూసుకోవాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు మాత్రం ఈ టీకా పనికిరాదు.

గర్భం వచ్చేశాక టైటరే దిక్కు, ఎందుకంటే అప్పుడు ఎంఎంఆర్ వేయరు. రుబెల్లా IgG నెగెటివ్ అయితే ఒంటిమీద దద్దుర్లు, జ్వరం ఉన్నవాళ్లకు దూరంగా ఉండి, కాన్పు అవగానే టీకా వేయించుకోవాలి. పాలిచ్చే తల్లికీ వేయవచ్చు. ఒక జాగ్రత్త: రక్షణ ఉందో లేదో చెప్పేది IgG. ఏ లక్షణాలూ లేనివాళ్లకు, కొత్తగా సోకిన జబ్బును పట్టే IgM చేస్తే జబ్బు లేకుండానే పాజిటివ్ రావచ్చు, దాంతో ఇల్లంతా అనవసరంగా భయపడిపోతుంది.

ఇక ఆ 4 సంగతి. చివరి డోసు తర్వాత ఒకటి, రెండు నెలలకు చేసిన పరీక్షలో Anti-HBs 10 లేదా అంతకు మించి ఉంటే రక్షణ వచ్చినట్టు. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఆ అంకె పడిపోవడం మామూలే. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో శరీరానికి ఆ వైరస్ గుర్తు మిగిలే ఉంటుంది. చిక్కేమిటంటే, ఈమెకు అప్పట్లో రక్షణ వచ్చి తగ్గిందా, అసలు రానేలేదా అన్నది ఒక్క 4 చూసి చెప్పలేం. రక్తం, సూదుల మధ్య పనిచేసే మనిషికి ఆ తేడా తెలియాలి.

ఇక్కడ రెండు దారులు. మూడు డోసులూ మొదట్నుంచి వేయించుకోవడం ఒకటి. ఒక్క డోసు వేయించుకుని ఒకటి, రెండు నెలలకు మళ్లీ Anti-HBs చూడటం రెండోది. నా ఓటు రెండోదానికే. శరీరానికి గుర్తుంటే ఆ ఒక్క డోసుకే అంకె 10 దాటిపోతుంది, పని అయిపోయినట్టే. దాటకపోతే మిగతా రెండు డోసులు పూర్తిచేసి, మళ్లీ ఒకటి, రెండు నెలలకు చూస్తారు. ఇందులో పోయేదేమీ లేదు, మొదటి డోసు లెక్కలోనే ఉంటుంది. ఇది బతికున్న వైరస్ టీకా కాదు కాబట్టి ఈలోగా గర్భం వచ్చినా ఆపాల్సిన పనిలేదు.

మొత్తం ఆరు డోసుల తర్వాత కూడా 10 దాటకపోతే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో చూసే HBsAg, ఎప్పుడైనా సోకిందో లేదో చూసే Anti-HBc చేయించాలి, ఇప్పటికే వైరస్ సోకి ఉండొచ్చు. అయితే HBsAg టీకా పడ్డాక కొన్ని రోజులపాటు, ఒక్కోసారి 18 రోజుల వరకు, టీకా వల్లే పాజిటివ్ చూపించగలదు. కాబట్టి ఈ పరీక్షకు రక్తం ఇచ్చేటప్పుడు చివరి డోసు ఏ తేదీన పడిందో ల్యాబ్‌లో చెప్పాలి. రెండూ నెగెటివ్ అయితే ఆమెకు ఈ టీకా పనిచేయలేదని రికార్డులో రాయించుకోవాలి. రేపు వైరస్ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, ఆలస్యం లేకుండా ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్, ఇవ్వాలని అక్కడి డాక్టర్‌కు తెలిసేది ఆ రికార్డు చూసే.