కోటి రూపాయలకు పీఎంఎస్ మేలా, ఏఐఎఫ్ మేలా?

స్థలం అమ్మిన డబ్బు ఖాతాలో పడగానే బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. అతని దగ్గర సాధారణంగా రెండు బ్రోషర్లు ఉంటాయి: ఒకటి పీఎంఎస్, అంటే మన డబ్బుతో మన పేరు మీదే షేర్లు కొని నడిపే పోర్ట్‌ఫోలియో సేవ; రెండోది ఏఐఎఫ్, అంటే పలువురి డబ్బు కలిపి నడిపే ప్రత్యామ్నాయ పెట్టుబడి ఫండ్. సెబీ నిబంధన ప్రకారం మొదటిదానికి కనీసం 50 లక్షలు, రెండోదానికి కోటి పెట్టాలి. ఇంత అడుగుతున్నారంటే లాభమూ అదే స్థాయిలో ఉంటుందనుకుంటారు చాలామంది. నష్టం తట్టుకోగలిగినవాళ్లే రావాలని పెట్టిన గడప అది, రాబడికి హామీ కాదు.

లిస్టెడ్ షేర్ల కోసమైతే నా ఓటు పీఎంఎస్‌కే. షేర్లు మన పేరు మీదే ఉంటాయి, ఏది కొన్నారో ఏది అమ్మారో కనిపిస్తుంది. డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు కోసే ఎగ్జిట్ లోడ్ మొదటి ఏడాది 3 శాతం, రెండో ఏడాది 2, మూడో ఏడాది 1 శాతం మించకూడదు, ఆ తర్వాత అసలు ఉండదు. చిక్కల్లా పన్నుతోనే. మేనేజర్ ఏడాదిలోపు లాభానికి అమ్మిన ప్రతి షేరుకూ 20 శాతం మనమే కట్టాలి. ఏఐఎఫ్‌లో మన చేతికొచ్చేవి యూనిట్లే. కేటగిరీ 2 ఫండ్ కాలపరిమితి కనీసం మూడేళ్లు, మధ్యలో బయటపడటం కష్టం. అన్‌లిస్టెడ్ కంపెనీలు, ప్రైవేటు రుణాలు కావాలనుకుంటేనే ఆ బంధనం ఒప్పుకోవచ్చు.

ఫీజు విషయానికొద్దాం. కోటి మీద ఏటా 2.5 శాతం ఫిక్స్‌డ్ అంటే జీఎస్టీతో 2.95 లక్షలు, మార్కెట్ పడినా కట్టాల్సిందే. 1 శాతం ఫిక్స్‌డ్, 8 శాతం దాటిన లాభంలో 20 శాతం అనే పద్ధతిలో రాబడి లేని ఏడాది 1.18 లక్షలతో సరిపోతుంది. 18 శాతం వచ్చిన ఏడాది, ఫిక్స్‌డ్ ఫీజు పోగా మిగిలిన లాభం మీద వాటా లెక్కిస్తే, జీఎస్టీతో మొత్తం సుమారు 3.26 లక్షలవుతుంది. నాకు రెండోదే న్యాయంగా అనిపిస్తుంది. పీఎంఎస్‌లో హై వాటర్ మార్క్ నిబంధన కూడా ఉంది: పడిన విలువ పాత గరిష్ఠాన్ని దాటేదాకా లాభంలో వాటా అడగకూడదు.

ఎక్కువమంది బోల్తా పడేది రాబడి అంకెల దగ్గరే. పీఎంఎస్‌లు చూపేది టీడబ్ల్యూఆర్ఆర్, అంటే డబ్బు ఎప్పుడొచ్చిందో పట్టించుకోని లెక్క. 50 లక్షలు పెట్టారు, మొదటి ఏడాది 40 శాతం పెరిగి 70 లక్షలైంది. ఆ ఊపు చూసి ఇంకో కోటి వేశారు. రెండో ఏడాది 20 శాతం పడింది. బ్రోషర్‌లో రెండేళ్లకు 12 శాతం లాభమనే ఉంటుంది. మీరు పెట్టింది కోటిన్నర, మిగిలింది కోటీ 36 లక్షలు. అబద్ధం ఎవరూ చెప్పలేదు, 14 లక్షలు మాత్రం పోయాయి.

అందుకే మీ ఖాతా స్టేట్‌మెంట్‌లో ఎక్స్ఐఆర్ఆర్, అంటే మీరు ఏ డబ్బు ఎప్పుడు వేశారో కలిపి లెక్కగట్టిన రాబడి, ఎంతో చూడండి. ఆ సంస్థ నడిపే వ్యూహాలన్నిటి ఫలితాలూ అడగండి. బాగా ఆడినదొక్కటే బ్రోషర్‌కెక్కుతుంది. పోలిక డివిడెండ్లు కలిపిన టీఆర్ఐ సూచీతో ఉందో లేదో కూడా గమనించండి. ట్రేడింగ్ తరహా వ్యూహాలు నడిపే కేటగిరీ 3 ఏఐఎఫ్ అయితే పన్ను ఫండే కడుతుంది కాబట్టి, చూపించిన శాతం పన్నుకు ముందుదా తర్వాతదా అని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక ఉన్నదంతా ఆ ఒక్క కోటే అయితే రెండు బ్రోషర్లూ పక్కన పెట్టి ఇండెక్స్ ఫండ్‌లో వేయడమే నయం.