జనరేటర్ అద్దెకి తీసుకుంటున్నారా, ముందు న్యూట్రల్ లగ్గు చూడండి

నిన్న రాత్రి గన్నవరం దగ్గర మామిడితోటలో రిసెప్షన్. జనరేటర్ ఎవరిదో పేరు రాయను. ఆ రోడ్డులో ఫంక్షన్లు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. పోయినవి చెప్తాను: రెండు పవర్ ఆంప్లిఫయర్లు, మిక్సర్ అడాప్టర్, స్టేజీ మీది ఎల్‌ఈడీ లైట్లలో సగం, ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ కంప్రెసర్. అన్నీ నాలుగు నిమిషాల్లో పోయాయి. దానికి జనరేటర్ ఓనరు గారు ఫోన్లో ఇచ్చిన తీర్పు: "మా బండికేం కాలేదండి, మీ సౌండ్ వాళ్ళ సామాను నాసిరకం."

నిజమే, బండికేం కాలేదు. బండి నుంచి బయటికొచ్చే న్యూట్రల్ వైరు, అంటే ఫేజుల్లో వెళ్ళిన కరెంటు తిరిగొచ్చే వైరు ఊడింది, అంతే.

62.5 కేవీఏ అని మాట్లాడుకుంటే వచ్చింది 40 కేవీఏ. బయట డబ్బా మీద స్టిక్కర్ 62.5 అనే ఉంది. తలుపు తీసి ఆల్టర్నేటర్ ప్లేటు చూస్తే 40, ఫేజుకి 55 ఆంపియర్లు. ఆ మోసం చిన్నదిలెండి, మా లోడుకి 40 సరిపోతుంది. అద్దె మాత్రం 62.5 దే కట్టాం.

లోడు ఇలా పంచారు. మొదటి ఫేజు మీద వంటవాళ్ళు: వండినవి వేడిగా ఉంచే బెయిన్ మేరీలు రెండు, కాఫీ బాయిలర్ ఒకటి, గ్రైండరు, ఐస్‌క్రీమ్ ఫ్రీజరు, పందిట్లో నాలుగు లైట్లు, కలిపి దాదాపు 8 కిలోవాట్లు. రెండో ఫేజు మీద సౌండు, స్టేజీ లైట్లు. ఆంప్లిఫయర్ల మీద వేలకి వేలు వాట్లు రాసి ఉన్నా పాటలు నడిచేటప్పుడు సగటున లాగేది అందులో చిన్న భాగమే, అన్నీ కలిపి, వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ లెక్కన 2 కిలోవాట్ల దగ్గర ఆడింది. మూడో ఫేజు మీద తోటలో దీపాలు, కూలర్లు, పెడెస్టల్ ఫ్యాన్లు, ఒక 5 కిలోవాట్లు. మొత్తం 15. చూడ్డానికి జనరేటర్‌కి సగం లోడు కూడా కాదు. కానీ 8, 2, 5 అనే పంపకం ఎంత వంకరగా ఉందో చూడండి. మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉంటే న్యూట్రల్లో కరెంటు దాదాపు ఉండదు. ఇలా ఉంటే లెక్క ప్రకారమే 22 ఆంపియర్లు న్యూట్రల్లోంచి వెనక్కి పోవాలి. ఎల్‌ఈడీలు, అడాప్టర్లు లాంటివి కరెంటుని ముక్కలు ముక్కలుగా లాగుతాయి కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతుంది.

ఆ 22 ఆంపియర్లని మోసే వైరుని ఎలా బిగించాడో చెప్పనా? అల్యూమినియం కేబుల్ పోగులు మెలిపెట్టి, బోల్టు చుట్టూ తాడులా చుట్టి, పైన నట్టు. కేబుల్ కొసకి నొక్కి బిగించే లగ్గు లేదు, స్ప్రింగ్ వాషర్ లేదు. అల్యూమినియం మెత్తటి లోహం. నట్టు కింద నలుగుతుంది, వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లారితే వదులవుతుంది. పైన ఆక్సైడ్ పొర పట్టి ఇంకా వేడెక్కుతుంది. పక్కన నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను అదురు. ఒక ఫంక్షన్‌కి నిలుస్తుంది, రెండింటికి నిలుస్తుంది, మూడోది మనదవుతుంది. మూడు ఫేజు వైర్లకీ లగ్గులు ఉన్నాయండోయ్. న్యూట్రల్‌కే లేదు. "దాంట్లో కరెంటు రాదు కదన్నా" అన్నాడు ఆపరేటరు తర్వాత.

న్యూట్రల్ ఊడితే కరెంటు ఆగిపోదు. అదే దీనితో చిక్కు. ఫేజు ఊడితే ఆ ఫేజు లైట్లు ఆరిపోతాయి, గోల అక్కడితో సరి. న్యూట్రల్ ఊడితే మూడు ఫేజుల మీది సామానూ ఒకదానితో ఒకటి సిరీస్‌లో పడి, జనరేటరిచ్చే 415 వోల్టుల్ని తమలో తాము పంచుకుంటాయి. ఎక్కువ లోడున్న వైపు వోల్టేజీ పడిపోతుంది, తక్కువ లోడున్న వైపు లేస్తుంది. మా 8, 2, 5 కి లెక్క వేస్తే వంటవాళ్ళ ఫేజుకి 173 వోల్టులు, తోట దీపాలకి 254, సౌండుకి 314. రోజూ 230, 240 తినే ఆంప్లిఫయర్‌కి 314! దాన్ని లోపల డీసీగా మారిస్తే 440 దాటుతుంది. ఆ పవర్ సప్లైలో కూర్చున్న కెపాసిటర్లు 400 వోల్టులవి. టపాసుల్లా పేలాయి. పెళ్ళివారు బాణసంచా అనుకుని చప్పట్లు కూడా కొట్టారు.

ఫ్రీజర్ కథ దీనికి తలకిందులు. 173 వోల్టులకి కంప్రెసర్ తిరగలేదు. తిరగలేక మూలుగుతూ మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతూ నిలబడింది. లోపలి ఓవర్‌లోడ్ స్విచ్ ఒకసారి కట్ చేసింది, చల్లారాక మళ్ళీ కలిపింది, రెండోసారికి వైండింగ్ వాసనొచ్చింది.

ఎంసీబీలు ఎందుకు పడలేదని అందరూ అడిగారు. ఎంసీబీ చూసేది కరెంటు ఎంత పోతోందని, వోల్టేజీ ఎంతొస్తోందని కాదు. వంటవాళ్ళ బోర్డులో షాక్ కొట్టకుండా పెట్టిన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా అంతే. పోయిన కరెంటు అంతా తిరిగొస్తోందా లేదా, అదొక్కటే దానికి కావాలి. ఈ జబ్బుని పట్టేది వోల్టేజీని చూసే ఓవర్ వోల్టేజ్ రిలే లాంటిది. అరచేతిలో పట్టే వస్తువు. సౌండ్ బోర్డులో దాన్ని 270 కి పెట్టి ఉంటే కప్పు కాఫీ ఖర్చుతో... సరే, కప్పు కాఫీ కాదు, కానీ ఒక్క ఆంప్లిఫయర్ ఖరీదుతో పోలిస్తే అంతే.

ఇక అసలు కడుపుమంట. ఊడిన క్షణంలో వంటపందిరి లైట్లు మసకబారాయి, స్టేజీ లైట్లు తెల్లగా మండాయి. ఒక పక్క మసక, ఇంకో పక్క కాంతి. ఈ పనిలో ఉన్నవాడు ఎవడైనా ఇది చూడగానే మెయిన్ బ్రేకర్ దించెయ్యాలి, ఇంకేమీ ఆలోచించకూడదు. అన్ని లైట్లూ ఒకేసారి మసకబారితే లోడెక్కువనో డీజిల్ అందట్లేదనో అనుకోవచ్చు. ఒకటి తగ్గి ఇంకోటి పెరిగిందంటే న్యూట్రలే.

మా ఆపరేటరు గారు ఏం చేశారు? కేటరింగ్ కుర్రాడు వచ్చి "బాబాయ్, మావైపు డల్లుగా ఉంది, కొంచెం పెంచు" అన్నాడు. ఈయన కుర్చీలోంచి లేచి ప్యానెల్ మీటరు చూశాడు. మీటరు 240 చూపిస్తోంది, ఎందుకంటే మీటరు తీసుకునేది ఊడిన చోటుకి లోపలి నుంచి. అక్కడ న్యూట్రల్ భేషుగ్గా ఉంది. లోపల 240, బయట డల్లు. మరి మధ్యలో ఏదో తెగిందని అనుమానం రావాలి కదా? రాలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని, జనరేటర్ వోల్టేజీని నిలబెట్టే ఏవీఆర్ మీది వోల్టేజ్ స్క్రూ తిప్పి 260 కి పెంచాడు. వంటవాళ్ళకి 173 కాస్తా 188 అయింది, "ఆఁ, కొంచెం బెటరు బాబాయ్" అన్నారు. అదే స్క్రూతో సౌండుకి 314 కాస్తా 340 అయింది. మొదటి ఆంప్లిఫయర్ అప్పటికే పోయింది. రెండోది పోయింది ఈ స్క్రూకే.

"ఆపెయ్, మెయిన్ దించు" అని నేను స్టేజీ దగ్గర్నుంచి అరుస్తూ పరిగెత్తి వెళ్తే ఆయన అన్నమాట: "అన్నా, కంగారెందుకు, ఎర్త్ ఉందిగా." ఎర్త్ అంటే తోటలో మూడడుగులు పాతిన ఇనప కడ్డీ. దాని నిరోధం 20 ఓములుందనుకున్నా 22 ఆంపియర్లు దాంట్లోంచి పోవాలంటే 440 వోల్టులు కావాలి. ఆ కడ్డీ న్యూట్రల్ పని చెయ్యదు, చేసినా చుట్టుపక్కల తడినేల మీద నిలబడ్డవాడు దండం పెట్టుకోవాల్సిందే. చివరికి బ్రేకర్ దించింది ఆయన కాదు. ఆ తర్వాత ఆయన ఊడిన వైరుని కటింగ్ ప్లయరుతో మళ్ళీ అదే బోల్టుకి చుట్టి, "ఇప్పుడొచ్చిందిగా" అని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. స్క్రూ 260 దగ్గరే ఉంది. అది కూడా చెప్తే గాని వెనక్కి తిప్పలేదు.

క్లాంప్ మీటరు జేబులో వేసుకుని తిరిగే నాలాంటి మేధావి సాయంత్రం మూడు ఫేజుల లోడూ చూశాడు, న్యూట్రల్ మీద క్లాంపు పెట్టలేదు. టెర్మినల్ మూత రెండు స్క్రూలు. విప్పడానికి నిమిషం పట్టదు. పూలదండల రంగు గురించి గంటసేపు మాట్లాడాం.

బిల్లులో 60 లీటర్ల డీజిల్ వేశాడు. లీటరుకి మూడు యూనిట్లకి అటూఇటూగా వస్తాయి. ఆ లోడుకి గంటకి 5 లీటర్లు వేసుకున్నా ఆరు గంటలకి 30. ట్యాంకులో పుల్ల పెట్టి ముందు, తర్వాత కొలవలేదు కాబట్టి గొడవ పెట్టుకోడానికి ఆధారం లేదు. అదీ మన తెలివే.

తీసుకునేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే నాలుగు వైర్లకీ క్రింప్ చేసిన లగ్గులు కావాలనండి. రాగి బోల్టుకి అల్యూమినియం కేబులైతే రెండు లోహాలూ కలిపి చేసిన బైమెటల్ లగ్గు. మూత తీయించి, ఇంజను ఆపి ఉండగా చేత్తో గుంజి చూడండి. సామానంతా ఆన్ చేశాక జనరేటర్ దగ్గర కాదు, స్టేజీ బోర్డులోనూ వంటబోర్డులోనూ తోట దీపాల బోర్డులోనూ ఫేజు నుంచి న్యూట్రల్‌కి కొలవండి. మూడూ నాలుగైదు వోల్టుల తేడాలో ఉండాలి. ఒకటి 225, ఒకటి 250 చూపిస్తే న్యూట్రల్ వదులవుతోందని అర్థం, పాట మొదలెట్టకముందే ఆపించండి. బాయిలర్ తీసి తోట దీపాల ఫేజుకి మార్చినంత మాత్రాన చాలదు. మా దగ్గర ఆ బాయిలర్ 2 కిలోవాట్లు మారి ఉంటే 6, 2, 7 అయ్యేది. న్యూట్రల్ కరెంటు దాదాపు అంతే ఉండేది, సౌండుకి దెబ్బా తప్పేది కాదు. అంటే సౌండొక్కటే ఒంటరిగా తేలిక ఫేజు మీద ఉండటమే ప్రమాదం. కుదిరితే దానికి వేరే చిన్న జనరేటరు పెట్టుకోండి, సింగిల్ ఫేజుది. దాంట్లో న్యూట్రల్ ఊడితే ఆరిపోతుంది, పేలదు.

బ్యాలెన్సు ఇంకా ఇవ్వలేదు. పొద్దుట్నించి పదకొండు మిస్డ్ కాల్స్.