నాలుగేళ్లు వాడాక: ఆరు పైపు క్లాంపులు, రెండు రకాల జిగురు

మా చిత్తూరు వైపు ముసలి మామిడి తోటలు కొట్టేసినప్పుడు చెక్క చవగ్గా దొరుకుతుంది. అలా తెచ్చిన 6 అంగుళాల వెడల్పు పలకలు అయిదింటిని పక్కపక్కన అతికించి, 5 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పున భోజనాల బల్లకు పైపలక చేద్దామని మొదలుపెట్టాను. జిగురు ఆరేదాకా పలకలను రెండు దవడల మధ్య బిగించి పట్టడానికి, ముప్పావు అంగుళం పైపుకు తగిలించే క్లాంప్ సెట్లు నాలుగు కొన్నాను. పైపులు శానిటరీ షాపులో కోయించి, ఒక కొనకు మరలు వేయించాను.

క్లాంపుల గురించి నా దగ్గర పెద్ద ఫిర్యాదేం లేదు. పైపు మీద జిగురు కారి ఎండితే వెనక దవడ జారుతుంది, గీకి తుడిస్తే మళ్లీ పట్టేస్తుంది, అంతే. తప్పు నా లెక్కలోనే జరిగింది. రెండు కొనల నుంచి మూడేసి అంగుళాలు వదిలి, నాలుగు క్లాంపులను 18 అంగుళాలకొకటి పెట్టాను. బిగించినప్పుడు జిగురు క్లాంపుల దగ్గర పూసలు పూసలుగా బయటికొచ్చింది, మధ్యలో మాత్రం గీత పొడిగానే ఉంది. చూశాను కానీ పట్టించుకోలేదు. ఏడాది తిరక్కముందే సరిగ్గా ఆ పొడి చోట్ల అతుకు విచ్చింది. అదీ అంచు పలకల అతుకులే. లోపలి రెండూ ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

కారణం తర్వాత అర్థమైంది. క్లాంప్ ఒత్తిడి దవడ నుంచి రెండు వైపులా సుమారు 45 డిగ్రీల్లో విచ్చుకుంటూ చెక్కలోకి పోతుంది. అంచు పలక వెడల్పు 6 అంగుళాలైతే, మొదటి అతుకు దగ్గరికి చేరేసరికి ఆ ఒత్తిడి 12 అంగుళాల మేర పరుచుకుంటుంది. నేను 18 దూరం పెట్టాను కాబట్టి ప్రతి రెండు క్లాంపుల మధ్యా 6 అంగుళాలు ఊరకే మిగిలాయి. లోపలి అతుకుల దాకా వచ్చేసరికి ఒత్తిడి ఇంకా విచ్చుకుంటుంది, అందుకే అవి బతికాయి. ఇంకో రెండు క్లాంపులు కొని 11 అంగుళాలకొకటి పెట్టాక ఆ పొడి గీతలు మళ్లీ కనబడలేదు. నాలుగే ఉంటే, రెండు అంచులకూ 3 అంగుళాల వెడల్పున్న తిన్నటి కట్టె ఆనించి దానిమీద బిగించాలి. అప్పుడు అతుకుకు 9 అంగుళాల దూరం వస్తుంది, 18 సరిపోతుంది. ఆ కట్టె బల్లకే అతుక్కోకుండా అంచుకు ప్లాస్టిక్ టేపు వేయండి.

క్లాంపులన్నీ కిందే పెడితే పలక విల్లులా వంగుతుంది. అందుకని ఒకటి కింద, ఒకటి పైన. పైనున్న ఇనుప పైపు తడి జిగురుకు తగిలితే చెక్క మీద నల్ల మచ్చ పడుతుంది, మధ్యలో పాల కవరు ముక్క పెడతాను. బలమంతా పెట్టి బిగించాల్సిన పని కూడా లేదు. పూసలు గీత పొడవునా ఒకే తీరుగా వస్తే అక్కడ ఆపాలి. అంతకుమించి బిగిస్తేనే అతుకులు కలుస్తున్నాయంటే, చిత్రిక సరిగా పట్టలేదని లెక్క.

జిగురు విషయానికొస్తే, మొదట మామూలు తెల్ల జిగురు వాడాను. అతుకు బలానికి వంక పెట్టలేను. కానీ ఆ బల్లను పడమటి కిటికీ దగ్గర వేశాం. రెండు వేసవులు ఎండ తగిలాక గోటితో తడిమితే అతుకుల దగ్గర సన్నటి గట్టు తగులుతోంది. వేడికి ఆ జిగురు కొద్దిగా మెత్తబడి, పలకలు ఒకదాని పక్కన ఒకటి జరుగుతాయి. ఇప్పుడు నీటికి ఆగే రకం తెల్ల జిగురే వాడుతున్నాను. ధర ఎక్కువే, కానీ తడిగుడ్డ తుడుపులకు ఏమీ కాలేదు. మిద్దె మీద వానకు ఉండే బల్లకైతే దీన్నీ నమ్మను, ఎపాక్సీ వాడతాను.

మే నెలలో తిరుపతి ఎండకు పూసిన అయిదారు నిమిషాలకే జిగురు పైన పొర కడుతుంది. నాలుగు అతుకులూ ఒక్కసారే పూద్దామంటే టెన్షన్ తప్ప పని సాగదు. తెల్లవారుజామున రెండు పలకల జత ఒకటి, మూడింటి జత ఒకటి విడిగా అతికిస్తాను. మర్నాడు ఆ రెండింటినీ కలుపుతాను.

ఒక తొందర ఖరీదు కూడా చెప్పాలి. ఒకసారి రెండు గంటలకే క్లాంపులు తీసి, అదే సాయంత్రం చిత్రిక పట్టి ఉప్పుకాగితం కొట్టేశాను. పాలిష్ వేసిన రెండు వారాలకు, ఏటవాలు వెలుగులో చూస్తే ప్రతి అతుకు దగ్గరా సన్నటి పల్లం. మా వీధి వడ్రంగి అన్న నవ్వి, "జిగురు ఆరింది సరే, దాంట్లో నీళ్లు యాడికి పోయినాయి సామీ?" అన్నాడు. నీళ్లు పక్క చెక్కలోకే పోయాయి. అక్కడ ఉబ్బింది, ఉబ్బినదాన్ని నేను చదును చేశాను, ఆరాక అది కుంగింది. ఇప్పుడు క్లాంపులు రాత్రంతా ఉంచుతాను, చిత్రిక మూడు రోజులయ్యాకే.