బాలింత సెలవు అయ్యాక ఆఫీసుకొచ్చే అమ్మాయికి ఏమిస్తే మేలు: ఫొటో ఫ్రేమా, ఐస్ ప్యాకుల సంచా?

మా టీమ్ అమ్మాయి సోమవారం మళ్ళీ చేరుతోంది. ఐదుగురం తలా 500 వేసుకున్నాం. ఏం కొనాలన్న దగ్గరే పేచీ. ముగ్గురు బిడ్డ ఫొటో ఫ్రేమూ, 'బెస్ట్ మమ్మీ' కప్పూ అన్నారు. నేనూ ఇంకొకావిడా పాలు చల్లగా ఉంచే సంచి అన్నాం.

సెలవు 26 వారాలు. అందులో 8 వారాలు కాన్పుకి ముందే అయిపోయాయి. అంటే బిడ్డకి నాలుగు నెలలు దాటి కొద్దిరోజులే, ఇంకా తల్లిపాలే. మూడు నాలుగు గంటలకోసారి పాలు పిండకపోతే రొమ్ములు రాయిలా బిగుస్తాయి, ఒక్కోసారి జ్వరం దాకా పోతుంది. కుర్తా తడవడం సరేసరి.

నేను చేరినప్పుడు నాకూ ఫ్రేమే ఇచ్చారు. బల్ల మీద పెట్టుకున్న రోజే, వదిలేసి వచ్చానే అనిపించి కళ్ళనీళ్ళు. మధ్యాహ్నానికే సొరుగులోకి పోయింది. చిత్రమేమిటంటే, పాలు పిండుకునే గదిలో మాత్రం ఫోన్లో మా బాబు వీడియో చూస్తే పాలు తొందరగా దిగేవి. బిడ్డ బొమ్మ చెడ్డదేం కాదు, పదిమంది ముందు బల్ల మీద పెట్టుకోవడమే కష్టం.

సంచిలోనూ తేడాలున్నాయి. ఐస్ ప్యాకులు లేనిది వట్టి టిఫిన్ సంచే. రాత్రంతా ఫ్రీజర్లో గడ్డకట్టించిన ప్యాకుల మధ్య సీసాలు నిలబెట్టాలి, పడుకోబెడితే కారతాయి. అలా పెడితే పాలు 24 గంటల దాకా ఉంటాయి. బయట మామూలు గదిలో అయితే 4 గంటలే, మన మే నెల ఎండల్లో అదీ నమ్మకూడదు. ఇంటికి చేరాక ప్యాకు నొక్కి చూస్తే లోపల గట్టి ముక్క తగలాలి. పాలు పిండే పంపు మాత్రం మనం కొనొద్దు. దాని గరాటు కొలత ఒక్కొక్కరికి ఒకటి, సరిపోకపోతే నొప్పి.

ఈ రెండింటికన్నా నా ఓటు పైసా ఖర్చులేని మూడోదానికి. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు విరామాలు చట్టమే ఇచ్చింది. అయినా మీటింగ్ మధ్యలో లేచి "ఒక్క పావుగంట" అని అడగడానికి ప్రాణం చచ్చిపోతుంది. అందుకే 11 గంటలకీ, మూడింటికీ ఆమె క్యాలెండర్ ముందే మూసేసి, ఆ వేళ కాల్స్ మేం పంచుకున్నాం.

సంచి కొనేముందు ఆమెకొక్కదానికే ఫోన్ చేశాను. డబ్బా పాలు పడుతున్న తల్లికి ఆ సంచి ఇస్తే గాయం మీద కారమే కదా. "కొనండక్కా, దాంతోపాటు ముదురు రంగు చున్నీ ఒకటి. తడి కనపడకూడదు" అంది. రెండూ కొన్నాం. కప్పు మాత్రం మాన్పించలేకపోయాను.