రిసెప్షన్ యాంకరింగ్ స్క్రిప్టు: 6 ఏళ్లు వాడాక 14 పేజీల్లో మిగిలినవి

2019లో మా కాలేజీ అటెండరు గారి కూతురి రిసెప్షన్‌కి మొదటిసారి మైకు పట్టుకున్నాను. ఖమ్మంలో తెలుగు లెక్చరర్‌ని కాబట్టి మాట్లాడటం వచ్చి ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకేమో టెన్షన్. ఈవెంట్లు చేసే ఒకాయన దగ్గర 600 రూపాయలిచ్చి రిసెప్షన్ స్క్రిప్టు కొన్నాను. స్పైరల్ బైండింగ్, 14 పేజీలు, పేర్లుండాల్సిన చోట ఖాళీ గీతలు. ఆ తర్వాత 6 ఏళ్లలో ముప్పైకి పైగా రిసెప్షన్లు దాంతోనే నడిపాను, డబ్బులు తీసుకోకుండా, చుట్టాలకీ తెలిసినవాళ్లకీ.

మొదటి మూడు పేజీలు స్వాగతం. తోరణాలు, మల్లెల పరిమళం, స్వర్గం దిగివచ్చిన వేదిక. ఇదంతా చదువుతుంటే వినేవాళ్లు ఉండరు. అప్పటికి జనం కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు. పైగా అందులో ఒక మందుపాతర ఉంది: ‘మూడు ముళ్లతో ఒక్కటైన ఈ నూతన దంపతులు’. కొందరు పెళ్లికి ముందు రోజు సాయంత్రమే రిసెప్షన్ పెట్టుకుంటారు. నేను చేసిన నాలుగో రిసెప్షన్ అలాంటిదే, ముహూర్తం తెల్లవారుజామున. ఆ వాక్యం గొంతెత్తి చదివాను. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ గారు, ‘ఇంకా ముళ్లు పడలేదు నాయనా’ అన్నారు. హాలంతా నవ్వింది. అప్పటి నుంచి ముందు అడిగేది ముహూర్తం అయిందా లేదా అనే. కాకపోతే వధూవరులు అంటాను, దంపతులు అనను.

ఈ స్క్రిప్టుకి పెట్టిన డబ్బు తిరిగొచ్చింది ఐదో పేజీలో. కుటుంబ పరిచయాల పట్టిక అది. పేరు, వరస, ఊరు అని మూడు గడులు. పెళ్లివారికి వారం ముందే ఇచ్చి నింపమంటాను. కానీ ఆ పట్టికలో ఒక గడి తక్కువైంది. అది తెలియడానికి ఒకరి మనసు నొప్పించాల్సి వచ్చింది.

వరుడి తండ్రి స్వయంగా నింపి ఇచ్చిన కాగితంలో ఇద్దరి పేర్ల పక్కన ‘బావ గారు’ అని ఉంది. నేను ఇద్దరినీ ‘వరుడి బావ గారు’ అని పిలిచాను. ఒకాయన తండ్రి గారి అక్క భర్త, అంటే వరుడికి మామయ్య. రెండో ఆయన తండ్రి గారి భార్యకి అన్నయ్య, అంటే సాక్షాత్తూ మేనమామ. మన పెళ్లిలో మేనమామకి ఉండే స్థానం తెలిసిందే. అలాంటి మనిషిని బావని చేసి నిలబెట్టాను. ఆయన స్టేజీ ఎక్కారు గానీ ఫొటో అయ్యేదాకా నా వైపు చూడలేదు. తప్పు తండ్రి గారిది కాదు, ఆయన తన వరసలు తాను రాసుకున్నారు. అందుకే పట్టికలో నాలుగో గడి గీశాను: ‘పెళ్లికొడుక్కి లేదా పెళ్లికూతురికి ఏమవుతారు?’ నేను చదివేది ఆ గడి ఒక్కటే.

వరసల పేర్లు కూడా వాళ్లు ఇంట్లో పిలిచేవే రాయమంటాను. స్క్రిప్టులో అన్నీ కోస్తా వాడుకలు, నానమ్మ, బాబాయి అని. ఖమ్మంలో రెండు వైపులవాళ్లూ ఉంటారు. బాపమ్మ అని పిలిచే ఇంట్లో నానమ్మ అని చదివితే ఎవరూ తప్పుపట్టరు గానీ, బాపమ్మ అని మైకులో వినపడగానే మనవలు వేసే కేక వేరు.

‘వధువు తల్లిదండ్రులు శ్రీమతి, శ్రీ’ అనే గీత దగ్గర మాత్రం స్క్రిప్టు చేతులెత్తేస్తుంది. ఇద్దరూ ఉంటారనే దాని లెక్క. ఒక రిసెప్షన్‌లో పెళ్లికూతురి తండ్రి లేరు. అమ్మగారు స్టేజీ ఎక్కనంటూ వెనక వరసలో కూర్చున్నారు. ముందు రోజే విషయం తెలుసుకున్నాను కాబట్టి ఆవిడ తమ్ముణ్ణి అడిగి పెట్టాను. మొదట ఆవిడ పేరు, ఆవిడ చేసే ఉద్యోగం, పిల్లని ఇంత దాకా తెచ్చిన తల్లి అని ఒక్క మాట. తర్వాత, ‘తమ్ముడు గారు అక్కయ్య గారిని వేదిక మీదికి తీసుకురావాలి’ అన్నాను. తండ్రి పేరు కీర్తిశేషులు అని ఒక్కసారే చెప్పాను. అంతకు మించి సాగదీస్తే పండగ పూట ఏడుపు మొదలవుతుంది.

ఇక ఈ పరిచయాలు ఎప్పుడు పెట్టాలన్నది. స్క్రిప్టు ప్రకారం రాత్రి 8 గంటలకి, పాతిక నిమిషాలు. రాసినాయన ఎప్పుడూ లైనులో నిలబడ్డట్టు లేడు. 800 మంది వచ్చే రిసెప్షన్‌లో కుటుంబాల లెక్కన రెండు వందల పైచిలుకు గుంపులు స్టేజీ ఎక్కుతాయి. ఫొటోకి అరనిమిషం చొప్పున అయినా దాదాపు రెండు గంటలు. ఆ మధ్యలో పాతిక నిమిషాలు ఆపితే యాభై కుటుంబాలు గిఫ్టు ప్యాకెట్లు పట్టుకుని నిలబడిపోతాయి, లేదా ప్యాకెట్టు ఎవరి చేతికో ఇచ్చేసి భోజనాలకి వెళ్లిపోతాయి. నేను వధూవరులు కూర్చున్న వెంటనే, లైను మొదలుకాక ముందే, ఇరువైపులా కలిపి పన్నెండు మందిని పది నిమిషాల్లో ముగిస్తాను. మిగతా చుట్టాలు లైనులో వచ్చినప్పుడు వరస చెబితే చాలు. ఫొటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడుకోవాలి, ఆ రెండు గంటలకీ అసలు యజమాని ఆయనే.

చివరి పేజీలు బహుమతులవి. ‘____ గారు వధూవరులకు ____ రూపాయలు చదివించారు’ అని ఒకే మూస. నూట పదహార్లయినా, యాభై వేలయినా అదే వాక్యం. అచ్చం అలాగే చదివాను మొదట్లో. ఒకసారి ఒక కాంట్రాక్టరు గారి పెద్ద మొత్తం చదివిన వెంటనే, వాళ్ల పొలంలో పనిచేసే ఆయన వెయ్యి నూట పదహార్లు చదవాల్సి వచ్చింది. ఆయన తల వంచుకుని వెళ్లిపోవడం స్టేజీ మీంచి కనిపించింది. ఆ రాత్రి నుంచి మొత్తం చదవడం మానేశాను. పేరు, వరస, ఊరు మాత్రం మైకులో, అంకె పుస్తకంలో.

అయితే ఇది అన్నిచోట్లా చెల్లలేదు. మధిర దగ్గర ఒక పల్లెలో పెద్దాయన మైకు దగ్గరికొచ్చి, ‘చదవకపోతే అవి చదివింపులెట్లయితయి?’ అని నిలదీశాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. పైకి చదివించేవి కాబట్టే వాటికా పేరు. పది మందిలో వినిపిస్తే ఇచ్చిన డబ్బు అందిందని ఇచ్చినవాళ్లకి తెలుస్తుంది, రేపు వాళ్లింట్లో శుభకార్యానికి తిరిగి చదివించడానికి సాక్ష్యం ఉంటుంది. అందుకే ఇప్పుడు ఇంటిపెద్దని ముందే అడుగుతాను. మొత్తం చదవమంటే ఎవరిదీ వదలకుండా అందరిదీ చదువుతాను, వద్దంటే ఎవరిదీ చదవను. కొందరివి చదివి కొందరివి ఆపడమే అసలు గొడవ. మాట విషయంలోనూ జాగ్రత్త కావాలి. తెలంగాణ పల్లెల్లో వీటిని కట్నాలు అంటారు. గుంటూరు నుంచి వచ్చిన వియ్యాలవారు ఉన్న సభలో ‘కట్నాలు రాయించండి’ అని పిలిస్తే వాళ్ల మొహాలు మారిపోయాయి, వరకట్నం అనుకున్నారు.

పుస్తకం దగ్గర ఇద్దరు ఉండాలని స్క్రిప్టు చెప్పదు. ఒకరు రాయాలి, ఇంకొకరు చీటీ నాకు తేవాలి. ఒక్కరే రెండూ చేస్తే కవర్లు పోగుపడి, ఎవరి కవరు ఎవరిదో కలిసిపోతుంది. చీటీ మీద ఇంటిపేరు పూర్తిగా రాయించాలి. ఒకే పేరున్న వాళ్లు ఒక ఊళ్లోనే నలుగురుంటారు.

ఈ మధ్య ఒక కొలీగ్ స్క్రిప్టు అడిగితే జిరాక్స్ ఇచ్చాను. ఐదో పేజీ, నాలుగో గడితో సహా. దాంతో పాటు పరిచయాలు ఏ క్రమంలో చెప్పాలో ఉన్న ఆరు, ఏడు పేజీలు, ముగింపులో భోజనాలకి పిలిచే అరపేజీ. మిగతాది అడగలేదు, నేనూ ఇవ్వలేదు. మూడున్నర పేజీలకి 600 రూపాయలు ఎక్కువేమోనని అన్నాడు.